మోటారు శ్రుతిలో సంగీతం: ఏటికొప్పాక వీడియో డైరీ

మొదటి రోజు

పిక్చర్ ఎడిటింగ్ ముగిసింది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఒక పెద్దాయన పని మీద తీసిన వీడియో ఇది. నిడివి 6 నిమిషాల 40 సెకన్లు. వదిన గొంతుతో వ్యాఖ్యానం కూడా రికార్డు చేసేశాం. ఇక మిగిలింది సంగీతం, చప్పుళ్లు. వాయిద్యకారులను పిలిపించి వాయించుకునే బడ్జెట్ లేదు కాబట్టి ఏఐతో పుట్టించుకుందామని మొదటినుంచీ అనుకున్నదే.

పని మొదలుపెట్టే ముందు బొమ్మల సంఘం వాళ్లకు ఫోన్ చేసి వీడియో ఎక్కడెక్కడ వాడతారో అడిగాను. రెండు చోట్ల అన్నారు. ఒకటి, బొమ్మలు అమ్మే వెబ్ పేజీ. రెండోది, ఎగ్జిబిషన్‌లో స్టాల్ ముందు పెట్టే టీవీ. పెన్‌డ్రైవ్ పెట్టి వదిలేస్తారట, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే తిరుగుతూ ఉంటుంది. ఈ రెండు మాటలు నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకున్నాను. అమ్మకానికి వాడుతున్నారంటే లైసెన్సు సంగతి పూర్తిగా మారిపోతుంది. రోజంతా తిరుగుతుందంటే చివర ఎలా ఆగుతుంది, మొదలు ఎలా అందుకుంటుంది అన్నది కూడా చూసుకోవాలి.

తర్వాత సంగీతం ఏమీ లేకుండా వీడియో మొత్తం మూడు సార్లు చూశాను. ఎక్కడ సంగీతం కావాలి అని కాకుండా, ఎక్కడ వద్దు అని వెతుక్కుంటూ చూశాను. లేత్ మీద అంకుడు కర్ర తిరుగుతూ, ఉలి కింద నుంచి పొట్టు రిబ్బన్‌లా లేచే భాగం రెండు నిమిషాల పైనే ఉంది. అక్కడ ఆ చప్పుడే సంగీతం. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందని పెద్దాయన చెప్పే భాగంలోనూ వద్దనుకున్నాను. ఆయన మాట మెల్లగా, మధ్యమధ్యలో ఆగుతూ వస్తుంది. ఆ ఆగిన చోట తీగవాయిద్యం మూలిగితే, చూసేవాళ్లను జాలిపడమని మనమే చెప్పినట్టవుతుంది. ఆయన జాలి అడగలేదు.

అలా తీసేయగా మూడు చోట్లు మిగిలాయి. మొదట్లో వరాహ నది, ఊరు కనిపించే 40 సెకన్లు. లక్క అద్దడం, రంగుల గురించి వదిన చెప్పే భాగం, 2:50 నుంచి 4:30 దాకా, అంటే 100 సెకన్లు. చివర బొమ్మలన్నీ వరసగా కనిపించే 30 సెకన్లు. 400 సెకన్ల వీడియోలో సంగీతం 170 సెకన్లే. ముందే ఇలా లెక్కపెట్టుకోకపోతే మొత్తం వీడియో కింద ఒకే ముక్క పరిచేసి ఉండేవాణ్ణి.

రెండో రోజు

ఒక రోజు పోయింది. ఎలా పోయిందో రాసుకోవాలి.

బ్రౌజర్‌లోనే సంగీతం చేసిపెట్టే ఒక సర్వీసు ఉచిత ప్లాన్‌లో పొద్దున కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా రంగుల భాగానికి చక్కటి ముక్క దొరికింది. వీడియో కింద పెట్టి వదినకు పంపితే "ఇదే ఉంచెయ్" అంది. సాయంత్రం తీరిగ్గా షరతులు చదివాను. ఉచిత ప్లాన్‌లో చేసినవి వ్యాపారానికి వాడకూడదని ఉంది. సరే, ఒక నెలకు డబ్బు కడదాం అనుకుని ఇంకా కిందికి చదివితే, తర్వాత ప్లాన్ కొన్నా అంతకుముందు ఉచితంగా చేసిన ముక్కలకు ఆ హక్కు రాదని స్పష్టంగా రాసి ఉంది. ముక్క పుట్టిన రోజున మనం ఏ ప్లాన్‌లో ఉన్నామన్నదే లెక్క. అదే ప్రాంప్ట్‌తో డబ్బు కట్టి మళ్లీ చేయిస్తే అదే ముక్క రాదు.

తప్పు నాదే. షరతులు పొద్దునే చదవాల్సింది. ఆ ఫైలు తీసేశాను. వదినకు చెప్పడమే కష్టమైంది.

మూడో రోజు

ఈ రోజు ఒక్క శబ్దం కూడా చేయలేదు, చదివాను. సొంతంగా నడుపుకోగలిగిన మోడళ్లలో రెండు నాకు తెలుసు.

మెటా 2023లో విడుదల చేసిన మ్యూజిక్‌జెన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. దాని కోడ్‌కు ఎంఐటీ లైసెన్సు ఉంది. అది చూసి "ఓపెన్ సోర్స్, ఏదైనా చేసుకోవచ్చు" అని చాలామంది అనుకుంటారు. కానీ సంగీతం పుట్టించేది కోడ్ ఒక్కటే కాదు, శిక్షణ పొందిన మోడల్ ఫైళ్లు. వాటి లైసెన్సు వేరు, సీసీ బై ఎన్‌సీ 4.0. ఎన్‌సీ అంటే వాణిజ్యానికి కాదు. మోడల్ ఫైళ్ల మీద ఉన్న షరతు అందులోంచి వచ్చిన సంగీతానికి ఎంతవరకు వర్తిస్తుందని వాదించవచ్చు. ఆ వాదన సంఘం నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు. పక్కన పెట్టేశాను.

రెండోది స్టెబిలిటీ ఏఐ కంపెనీ చేసిన స్టేబుల్ ఆడియో ఓపెన్, 2024లో వచ్చింది. దాని కమ్యూనిటీ లైసెన్సు ప్రకారం సంవత్సరానికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లు వాణిజ్యానికి కూడా ఉచితంగా వాడుకోవచ్చు. అలా వాడేవాళ్లు కంపెనీ సైటులో పేరు నమోదు చేసుకోవాలి. చేసుకున్నాను. బయటికి వచ్చిన శబ్దం మనదేనని, అంటే కంపెనీకీ మనకూ మధ్య మనదేనని, అందులో రాసి ఉంది. ఏ రికార్డింగుల మీద శిక్షణ ఇచ్చారో కూడా చెప్పారు: ఫ్రీసౌండ్, ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్‌లలోని క్రియేటివ్ కామన్స్ శబ్దాలు. ఒక చేతిపనివాడి మీద తీసే వీడియోకు, ఎవరి చేతిపనిని అడగకుండా తీసుకున్నారో తెలియని సంగీతం వాడటం నాకు ఇష్టం లేదు. ఇది ఎంచుకోవడానికి లైసెన్సు కంటే ఇదే పెద్ద కారణం.

ఒక్క విషయం సంఘం వాళ్లకు ఈ రోజే ఫోన్‌లో చెప్పేశాను. ఈ సంగీతం మీకు మాత్రమే సొంతం అని నేను రాసివ్వలేను. ప్రాంప్ట్ ఇచ్చినంత మాత్రాన దాని ఫలితానికి కాపీరైటు రాదని అమెరికా కాపీరైటు ఆఫీసు 2025 జనవరిలో విడుదల చేసిన నివేదికలో చెప్పింది. వాడుకోవడానికి అనుమతి ఉండటం ఒకటి, ఇంకొకరు వాడకుండా ఆపగలగడం ఇంకొకటి. "మాకు వాడుకుంటే చాలు బాబూ, ఎవరినీ ఆపక్కర్లేదు" అన్నారు.

లైసెన్సు పేజీని ఈ రోజు తేదీతో పీడీఎఫ్‌గా దాచుకున్నాను. షరతులు మారుతూ ఉంటాయి. మనం చేసిన రోజున ఏముందో మన దగ్గరే ఉండాలి.

నాలుగో రోజు

అద్దె జీపీయూ మీద మోడల్ నడిచింది. ఒకసారికి గరిష్ఠంగా 47 సెకన్ల స్టీరియో శబ్దం ఇస్తుంది. నేను వాడుతున్న ముఖ్యమైన వరసలు ఇవి:

```python
gen = torch.Generator("cuda").manual_seed(31)
audio = pipe(prompt, negative_prompt="vocals, low quality",
             num_inference_steps=150,
             audio_end_in_s=45.0, generator=gen).audios[0]
```

మొదట ఆశపడి వీణ అడిగాను. ఏటికొప్పాక నుంచి ఉత్తరంగా వెళ్తే బొబ్బిలి, వీణలకు పేరున్న ఊరు. వీడియోకు అతుకుతుందని అనిపించింది. వచ్చింది వీణ కాదు. సితారుకు, గిటారుకు మధ్య ఏదో తీగ. గమకం రావాల్సిన చోట స్వరం వణుకుతోంది తప్ప ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం లేదు. సంగీతం నేర్చుకోని వాళ్లకు కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. అన్ని సంస్కృతుల సంగీతమూ సమానంగా రాదని మోడల్ తయారుచేసినవాళ్లే దాని పరిచయ పత్రంలో రాశారు. మాట నిజమే.

మధ్యాహ్నం దాకా ప్రాంప్ట్ మారుస్తూ కూర్చుని, చివరికి వేరే దారి పట్టాను. చూసేవాళ్లు "ఇది ఫలానా వాయిద్యం, ఎవరో వాయిస్తున్నారు" అని నమ్మేదేదీ అడగకూడదు. కింద నిలకడగా మోగే శ్రుతి, చెక్క మీద మెత్తటి దెబ్బ, అక్కడక్కడా గాలి ఊదినట్టు ఒక స్వరం, అంతే. మూడ్‌కు "సంతోషం", "భావోద్వేగం" లాంటి మాటలు పెట్టినప్పుడల్లా ప్రకటనల్లో వినిపించే పియానో వచ్చిపడుతోంది. భావం పేరు మానేసి, ఏమి మోగాలో, ఎంత పలచగా మోగాలో రాస్తే మాట వింటోంది. వివరణలు ఇంగ్లీషులో ఇవ్వాల్సిందే, శిక్షణ వాటి మీదే జరిగింది.

```
soft wooden percussion, low warm string drone in G,
sparse breathy flute notes, calm, steady, 72 BPM, instrumental
```

ప్రాంప్ట్ అదే ఉంచి, ముక్క మారడానికి ఇచ్చే సీడ్ అంకె మారుస్తూ పద్దెనిమిది ముక్కలు చేశాను. 31వ సీడ్ నిలబడింది. సీడ్, ప్రాంప్ట్, తేదీ, ఎన్ని స్టెప్పులు అన్నవన్నీ ఫైలు పేరు పక్కనే రాసుకుంటున్నాను. రేపు ఎవరైనా "ఈ సంగీతం మాది" అంటే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడానికి నా దగ్గర ఉండేది అదే.

నిడివి గురించి ఒకటి తెలిసింది. `audio_end_in_s` అంటే టేపు కత్తిరించే చోటు ఒక్కటే కాదు. 30 అని ఇస్తే మోడల్ ముప్పై సెకన్లలో ముగిసే ముక్కను తయారుచేస్తుంది. చివర్లో పలచబడి, చాలాసార్లు ఒక ముగింపు స్వరంతో ఆగుతుంది. 45 ఇచ్చి 30 దగ్గర నేను కోస్తే నడుస్తున్న మనిషిని భుజం పట్టి ఆపినట్టు ఉంటుంది. అందుకని చివరి 30 సెకన్లకు 30 అని, మొదటి 40కి 40 అని అడిగాను. లూప్ చేయాల్సిన, అంటే ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పాల్సిన 100 సెకన్ల మధ్యభాగానికి మాత్రం 45 అడిగాను. దానికి మొదలూ చివరా అక్కర్లేదు, మధ్యలో నిలకడగా నడిచే కండ కావాలి.

ఐదో రోజు

లూప్ రోజు.

నిమిషానికి 72 దెబ్బలు అడిగాను కదా అని 72కే లెక్కకట్టి కోశాను. మూడో తిరుగుడు వచ్చేసరికి దెబ్బ కాలు జారినట్టు వినిపించింది. మోడల్ అంకెను దాదాపుగా పాటిస్తుంది, కచ్చితంగా కాదు. కొలవాల్సిందే. చేత్తో ఆది తాళం వేసుకుంటూ విన్నాను. ఆవర్తనానికి ఎనిమిది దెబ్బలు, నాలుగు ఆవర్తనాలకు 32. శబ్దాలు కోసే సాఫ్ట్‌వేర్ అడాసిటీలో మొదటి సమం, అంటే ఆవర్తనం మొదలయ్యే దెబ్బ, 6.72 సెకన్ల దగ్గర, నాలుగు ఆవర్తనాలు తిరిగి మళ్లీ సమం 33.61 దగ్గర పడ్డాయి. మధ్య దూరం 26.89 సెకన్లు. అంటే అసలు వేగం నిమిషానికి 71.4. తేడా చిన్నదే, కానీ 72 లెక్కన 26.67 దగ్గర కోసినందువల్ల ప్రతి తిరుగుడుకూ దెబ్బ 0.22 సెకన్లు ముందే పడుతోంది.

సమం నుంచి సమానికి కోశాక దెబ్బ కుదిరింది. కానీ అతుకు దగ్గర చిన్న గుటక మిగిలింది. టిక్కుమనే చప్పుడైతే కోసిన చోటును తరంగం సున్నాను దాటే బిందువుకు జరిపితే పోతుంది, అడాసిటీలో జెడ్ నొక్కితే చాలు. ఇది టిక్కు కాదు. చివర మోగుతున్న స్వరం తోక తెగిపోయి, మొదట్లో ఆ తోక లేకుండా మొదలవుతోంది.

దీనికి చివర ఫేడ్ చేయడం మందు కాదు. ఫేడ్ చేస్తే ప్రతి 27 సెకన్లకు సంగీతం ఊపిరి వదిలి మళ్లీ పీల్చుకుంటుంది. చేయాల్సింది ఏమిటంటే, లూప్ మొదలయ్యే 6.72కు సరిగ్గా ముందున్న 0.3 సెకన్ల ముక్కను తీసుకుని, లూప్ చివరి 0.3 సెకన్లలో కలిపేయాలి. అసలు ముక్క మెల్లగా తగ్గుతూ ఉండగా ఇది మెల్లగా పైకి వస్తుంది. అప్పుడు లూప్ చివర వినిపించేది అసలు రికార్డింగులో 6.72కు ముందు వినిపించినదే. అక్కడి నుంచి మొదటికి దూకితే చెవికి అది దూకుడే కాదు, మామూలుగా సాగిపోతున్నట్టే ఉంటుంది.

```
ffmpeg -i bed31.wav -filter_complex "[0:a]asplit[x][y];
[x]atrim=6.72:33.61,asetpts=PTS-STARTPTS[m];
[y]atrim=6.42:6.72,asetpts=PTS-STARTPTS[p];
[m][p]acrossfade=d=0.3:c1=qsin:c2=qsin" loop.wav

ffmpeg -stream_loop 3 -i loop.wav -c copy bed_x4.wav
```

నిడివి మారదు, 26.89 సెకన్లే. రెండో కమాండు దాన్ని మొత్తం నాలుగు సార్లు వరసగా పెడుతుంది. ఫైళ్లన్నీ వేవ్‌లోనే ఉంచాలి. ఎంపీ3 చేస్తే ఎన్‌కోడర్ మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుస్తుంది. ఎంత జాగ్రత్తగా కోసినా అతుకు దగ్గర ఖాళీ వినిపిస్తుంది.

సాయంత్రం వదినకు నాలుగు తిరుగుళ్లూ వినిపించాను. అతుకు ఆమెకు తెలియలేదు. కానీ "ఆ గంట మళ్లీ కొట్టిందే" అంది. ఏ గంట అనుకున్నాను. 19వ సెకను దగ్గర చెక్క దెబ్బ ఒకటి మిగతా వాటికంటే కాస్త లోహంలా మోగుతోంది. ఒకసారి వింటే అందంగానే ఉంటుంది. రెండోసారి గుర్తుపడతాం. మూడోసారికి దానికోసం ఎదురుచూస్తాం, వదిన మాట వినడం మానేస్తాం. అతుకు ఎంత బాగున్నా లూప్ బయటపడేది ఇలాంటి ఒంటరి చప్పుడు వల్లే. మొదటి ఆవర్తనంలో అదే స్థానంలో ఉన్న మామూలు దెబ్బను దాని మీద పెట్టి సరిచేశాను.

ఇక లెక్క. వదిన భాగం 100 సెకన్లు, నాలుగు తిరుగుళ్లు 107.56 సెకన్లు. మధ్యలో కోసి 100కు కుదించవచ్చు, కానీ అప్పుడు ముగింపు తాళం మధ్యలో పడుతుంది. అందుకే వెనక నుంచి పెట్టుకుంటూ వచ్చాను. నాలుగో తిరుగుడు ముగిసి వచ్చే సమం సరిగ్గా 4:30 మీద పడాలి. ఆ సమం దెబ్బను ఒక్కసారి మోగించి మూడు సెకన్లలో కరగనివ్వాలి. అలా పెడితే సంగీతం 2:42 దగ్గరే, ఇంకా లేత్ తిరుగుతుండగానే మొదలవుతుంది. మొదలు ఏడున్నర సెకన్లు ముందుకు జరిగినా ఎవరికీ తెలియదు. ముగింపు ఒక సెకను తప్పినా అందరికీ తెలుస్తుంది.

ఆరో రోజు

చప్పుళ్లు. లేత్ దగ్గర మేము రికార్డు చేసిన దాంట్లో కొన్ని చోట్ల పక్కింటి రేడియో పడింది. ఆ చోట్లకు చెక్క లేత్ చప్పుడు పుట్టించి అతికాను. నా చెవికి బాగానే ఉంది. పెద్దాయనకు ఒకసారి చూపిద్దామని ఫోన్ పట్టుకుని ఊరికి వెళ్లాను.

ఆయన నలభై సెకన్లు చూసి చెయ్యి అడ్డం పెట్టారు. "అదేటి బాబూ, నా ఉలి మొద్దుబారిపోయిందా?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ పెట్టమన్నారు. "ఇక్కడ కర్ర కీచుమంటంది. ఉలికి పదును పోతే అలా అరుస్తాది. నా కర్ర అరవదు." లేత్ ఆన్ చేసి, చిన్న అంకుడు ముక్క పెట్టి, ఉలి ఆనించి చూపించారు. నిజమే. పదునున్న ఉలి కింద చప్పుడు గాలి చీల్చినట్టు ఒకే సన్నని సర్రుమనే ధార. పొట్టు పొడవుగా లేస్తోంది. తర్వాత కావాలనే ఇంకో పాత ఉలి తీసి పెట్టారు. కీచుమంది, పొట్టు పొడిగా రాలింది. తెర మీద పొట్టు రిబ్బన్‌లా లేస్తోంది, చప్పుడులో ఉలి మొద్దుబారి ఉంది. ఆ పని తెలిసిన ఎవరు చూసినా ఈయనకు పని రాదనుకుంటారు. అది ఆయన పేరు మీద వేసిన మచ్చ అయ్యేది.

అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నాను. చేతిపనికి సంబంధించిన ఏ చప్పుడూ పుట్టించకూడదు. ఆయన్ను అడిగి, పక్కింటివాళ్లను కాసేపు రేడియో ఆపమని బతిమాలి, మూడు చప్పుళ్లు కొత్తగా రికార్డు చేసుకున్నాను: ఉలి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి పట్టే మెత్తటి బుసబుస, చివర ఎండిన మొగలి ఆకుతో మెరుగు పెట్టే గరగర. ఒక్కోటి రెండు నిమిషాలు. ఏ మోడల్‌నూ ఇవి అడగలేం. మొగలి ఆకు చప్పుడుకు ఏ ఇంగ్లీషు మాట రాయాలో కూడా నాకు తెలియదు.

ఇక పుట్టించాల్సిన చప్పుడు నది ఒక్కటే. షూటింగ్ రోజు గాలి హోరులో నది చప్పుడు రికార్డు కాలేదు.

ఏడో రోజు

కొత్త లేత్ చప్పుడు పెట్టి, 2:42 దగ్గర సంగీతం మొదలయ్యే చోటు హెడ్‌ఫోన్‌లో విన్నాను. ఏదో ఊగుతోంది. వువ్ వువ్ వువ్ అని సెకనుకు రెండుసార్లు కింది శ్రుతి ఉబ్బి తగ్గుతోంది. సంగీతం ఒక్కటే వింటే లేదు. లేత్ ఒక్కటే వింటే లేదు. రెండూ కలిస్తే ఉంది. ఫోన్ స్పీకర్‌లో దాదాపు తెలియడం లేదు, అంత కింది స్వరాన్ని అది పలికించలేదు కాబట్టి.

అడాసిటీలో రెండింటి స్పెక్ట్రం తీసి చూశాను. లేత్ మోటారు గుమగుమ 100 హెర్ట్జ్ దగ్గర నిలువుగా లేచింది. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు దానికి రెట్టింపులో మోగుతుంది. నేను "జీలో శ్రుతి" అని అడిగాను కదా, ఆ కింది జీ స్వరం 98 హెర్ట్జ్. దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిస్తే వాటి తేడా ఎంతో సెకనుకు అన్నిసార్లు ఊగుతాయి. 100లోంచి 98 పోతే రెండు. తంబూరా రెండు తీగలు సరిగా కలవనప్పుడు వినిపించే ఊగే ఇది.

మోటారు గుమగుమను ఫిల్టర్‌తో తీసేయడం సులువు. ఒకసారి తీసి చూశాను కూడా. ఆ గది గదిలా లేకుండా పోయింది, ఉలి చప్పుడు గాల్లో వేలాడింది. ఆ మోటారు ఆయన జీవితమంతా వింటున్న శ్రుతి. అది అలాగే ఉండాలి, సంగీతమే దానికి కలవాలి.

98 నుంచి 100కు వెళ్లాలంటే శ్రుతిని 0.35 అర్ధస్వరం పెంచాలి. అడాసిటీలో వేగం మారకుండా శ్రుతి మాత్రమే మార్చే సదుపాయం ఉంది. అసలు 45 సెకన్ల ముక్కకే అది చేసి, లూప్ మళ్లీ కోశాను. నిడివి మారలేదు కాబట్టి ఐదో రోజు అంకెలే పనికొచ్చాయి. మళ్లీ పెట్టి విన్నాను. ఊగు పోయింది. లేత్ తిరుగుతుండగా సంగీతం ఎప్పుడు కలిసిందో తెలియడం లేదు. మోటారులోంచే పుట్టినట్టు ఉంది. లేత్ ఆగాక శ్రుతి మాత్రం మిగులుతుంది, దాని మీద వదిన గొంతు మొదలవుతుంది. ఆ చోటు ఇరవై సార్లయినా విన్నాను. పని కోసం కాదు, వినాలనిపించి.

మోటారు గుమగుమ పూర్తిగా కదలకుండా ఉండదు, కరెంటు ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఏడు సెకన్ల కలయికకు అది అడ్డం కాదు. నిమిషాల తరబడి రెండూ కలిసి ఉండాల్సి వస్తే ఈ పద్ధతి నిలబడదు, శ్రుతిని మోటారుకు దూరంగా పెట్టుకోవడమే మేలు.

మొదటి ముక్క, చివరి ముక్క కూడా 100కే కలపాలనుకున్నాను. చివరిది సులువుగా కలిసింది. మొదటిది జీలో కాక A స్వరం మీద వచ్చింది, అంటే 110 హెర్ట్జ్. దాన్ని అంత కిందికి దించితే ఊదిన స్వరం గొంతు పట్టేసినట్టు మొద్దుగా అయింది. సీడ్ మార్చి కొత్త ముక్కలు చేస్తే తొమ్మిదోది జీలో వచ్చింది.

ఎనిమిదో రోజు

నది. మొదట వచ్చినది జలపాతం, రెండోదాంట్లో సముద్రం. "చిన్న ఏరు, మెల్లటి నీళ్లు, ఇసుక, దగ్గరగా" అని రాస్తే దగ్గరకొచ్చింది. అందులో ఒక పక్షి కూత ఉంది. మన వైపు ఎప్పుడూ వినని కూత. పక్షులు వద్దని `negative_prompt`లో పెట్టి మళ్లీ చేశాను. నీటి చప్పుడుకు తాళం లేదు కాబట్టి లూప్ అతుకు 0.3 సెకన్లు కాకుండా 3 సెకన్లు పెట్టాను. సరిపోయింది.

మిక్సింగ్‌లో పెద్దగా రాసేదేమీ లేదు. వదిన గొంతు కింద సంగీతం సుమారు 20 డెసిబెల్స్ తక్కువ. ఊదే స్వరం ఆమె గొంతు ఉండే చోటే పడుతోంది కాబట్టి అక్కడ ఈక్వలైజర్‌తో కొంచెం తగ్గించాను. అన్నీ సెకనుకు 48,000 శాంపుళ్లకు మార్చి వీడియోలో పెట్టాను.

వీడియో కింద రాయాల్సిన మాట కూడా ఈ రోజే రాసేశాను: సంగీతం, నది చప్పుడు స్టేబుల్ ఆడియో ఓపెన్‌తో పుట్టించినవి, ఉలి, లక్క, మొగలి ఆకు చప్పుళ్లు ఏటికొప్పాకలో పెద్దాయన పని దగ్గర రికార్డు చేసినవి. ఏది నిజం, ఏది కాదు అన్నది చూసేవాళ్లకు తెలియాలి.

పదో రోజు

సంఘం గదిలో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి గంటసేపు తిప్పాం. వీడియో బాగుంది. కానీ చివరి స్వరం ఆగి, తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ నది హోరు ఒక్కసారిగా మొదలైనప్పుడు గదిలో ఉన్నవాళ్లంతా టీవీ వైపు తిరిగి చూస్తున్నారు. ఏడు నిమిషాలకోసారి ఉలిక్కిపడటం. స్టాల్‌లో రోజంతా నిలబడే మనిషికి అది నరకం.

నా ల్యాప్‌టాప్ అక్కడే తెరిచి, టీవీ కోసం వేరే కాపీ చేశాను. చివరి 12 సెకన్లలో నది చప్పుడు మెల్లగా లేచి వచ్చేలా పెట్టాను. వీడియో ముగిసే క్షణంలో నీళ్లు ఏ మోతలో ఉన్నాయో మొదటి క్షణంలోనూ అదే మోత. టీవీ మధ్యలో తీసుకునే ఆ చిన్న ఖాళీని నేనేమీ చేయలేను. కానీ నీళ్లు ఆగి నీళ్లే మొదలవుతాయి కాబట్టి ఎవరో తలుపు వేసి తీసినట్టుంది, అంతే. వెబ్ పేజీకి మాత్రం పాత కాపీయే, అక్కడ చివరి స్వరం దాని మానాన అది కరగడమే బాగుంది.

మళ్లీ తిప్పాం. మూడో తిరుగుడులో పెద్దాయన వచ్చి కూర్చున్నారు. లేత్ భాగం వచ్చింది, పొట్టు లేచింది. సంగీతం కలిసే చోట నేను ఆయన ముఖం చూస్తున్నాను. కదలలేదు. ఉలి ఆగాక అడిగారు, "మిషను కట్టీశాక కూడా మోగతంది కదా, అదేటి?"

సంగీతమని చెప్పాను. మళ్లీ వెనక్కి తిప్పమని, ఈసారి కళ్లు మూసుకుని విన్నారు.